లీనియర్ ప్రోగ్రామ్ సాధ్య ప్రాంతం కుంభాకారమని నిరూపించడం, స్థానిక గరిష్ఠమే సార్వత్రిక గరిష్ఠమని తేల్చుకోవడం ఎలా

లీనియర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. సింప్లెక్స్ పద్ధతి ఒక శీర్షం దగ్గర ఆగి, దానికి ఆనుకొని ఉన్న శీర్షాలను మాత్రమే చూసి, ఇంతకంటే మంచి సాధన ఎక్కడా లేదని చెబుతుంది. అది అసలు చూడనే చూడని వందల శీర్షాల్లో ఇంకా మెరుగైనది ఉండదని నమ్మకం ఏమిటి?

ఆ నమ్మకానికి ఆధారాలు రెండు. సాధ్య ప్రాంతం కుంభాకారంగా ఉండటం మొదటిది, లక్ష్య ప్రమేయం రేఖీయంగా ఉండటం రెండోది. ఈ రెండింటినీ కాగితం మీద స్వయంగా నిరూపించుకోవడం ఎలాగో, మన నమూనాలో అవి ఎప్పుడు చేజారిపోతాయో, చేజారితే ఏం చేయాలో ఈ మార్గదర్శిలో ఒకే ఉదాహరణతో వరుసగా చూద్దాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

గళ్ల కాగితం, పెన్సిలు, ఒక చిన్న ఉదాహరణ ఉంటే చాలు. మనం వాడబోయే ఉదాహరణ ఇది.

```
గరిష్ఠం చేయాలి:  z = 3x + 2y
నిబంధనలు:        2x + y  ≤ 10
                 x + 2y ≤ 11
                 x ≥ 0,  y ≥ 0
```

రెండు గీతలూ గీసి, నాలుగు నిబంధనలూ నెరవేరే భాగాన్ని లేతగా రంగు వేయండి. (0, 0), (5, 0), (3, 4), (0, 5.5) అనే నాలుగు శీర్షాలున్న చతుర్భుజం వస్తుంది. నిబంధనలన్నింటినీ పాటించే బిందువులన్నీ ఇందులోనే ఉంటాయి కాబట్టి దీన్ని సాధ్య ప్రాంతం అంటాం.

ఇక మూడు నిర్వచనాలను స్పష్టంగా రాసుకోండి. ఈ విషయంలో వచ్చే తికమకలో చాలా భాగం నిర్వచనాలను సగం గుర్తుపెట్టుకోవడం వల్లనే వస్తుంది.

- కుంభాకార సమితి: సమితిలోని ఏ రెండు బిందువులను తీసుకున్నా, వాటిని కలిపే రేఖాఖండం మొత్తం ఆ సమితిలోనే ఉండాలి.
- స్థానిక గరిష్ఠం: ఒక సాధ్య బిందువు చుట్టూ ఎంత చిన్నదైనా సరే ఒక వృత్తం గీయగలగాలి, ఆ వృత్తంలో పడే సాధ్య బిందువుల్లో దేనికీ ఆ బిందువు కంటే ఎక్కువ విలువ ఉండకూడదు.
- సార్వత్రిక గరిష్ఠం: సాధ్య ప్రాంతం మొత్తంలో దేనికీ ఆ బిందువు కంటే ఎక్కువ విలువ ఉండకూడదు.

మొదటి నిర్వచనంలో "ఏ రెండు బిందువులను తీసుకున్నా" అన్న మాట కింద గీత గీయండి. తర్వాత చేసే నిరూపణ బరువంతా ఆ మాట మీదే ఉంటుంది.

## 2. రేఖాఖండం మీది బిందువును రాయడం

P, Q అనే రెండు బిందువుల మధ్యనున్న ప్రతి బిందువునూ ఇలా రాయవచ్చు.

```
R = (1 − t)P + tQ,   0 ≤ t ≤ 1
```

t సున్నా అయితే R అంటే P, t ఒకటి అయితే R అంటే Q. మధ్యలో t పెరుగుతున్నకొద్దీ మనం P నుంచి Q వైపు నడుస్తున్నట్టు. దీన్ని రెండు బిందువుల మిశ్రమం అనుకోండి: P నుంచి (1 − t) వాటా, Q నుంచి t వాటా.

మన ఉదాహరణలో P = (4, 2), Q = (1, 5) తీసుకుందాం. రెండూ సాధ్య బిందువులే. t = 1/3 అంటే P నుంచి Q వైపు మూడో వంతు దూరం నడవడం. అప్పుడు R = (3, 3) వస్తుంది. ఈ మూడు బిందువులనూ కాగితం మీద గుర్తుపెట్టి ఉంచండి, చివరి దాకా వీటితో పని ఉంటుంది.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు t హద్దులను మరచిపోవడం. t = −1/3 వేస్తే R = (5, 1) అవుతుంది. ఆ బిందువు దగ్గర 2x + y విలువ 11, అంటే నిబంధన దాటిపోయింది. కుంభాకారత రేఖాఖండానికి మాత్రమే హామీ ఇస్తుంది, దాన్ని పొడిగించిన రేఖకు ఇవ్వదు. (1 − t), t రెండూ రుణాత్మకం కాకూడదన్న షరతు అలంకారానికి పెట్టింది కాదు. తర్వాతి మెట్టులో అది ఎక్కడ పనిచేస్తుందో మీరే చూస్తారు.

## 3. ఒక్క నిబంధనకు కుంభాకారతను నిరూపించడం

మొత్తం వ్యవహారానికి గుండెకాయ ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. మొదటి నిబంధన ఎడమవైపు విలువను మూడు బిందువుల దగ్గరా లెక్కకట్టండి.

- P = (4, 2) దగ్గర 2x + y = 10
- Q = (1, 5) దగ్గర 2x + y = 7
- R = (3, 3) దగ్గర 2x + y = 9

ఇప్పుడు 10, 7 అనే సంఖ్యలనే బిందువులను కలిపిన వాటాలతో కలిపి చూడండి: (2/3)·10 + (1/3)·7 = 27/3 = 9. సరిగ్గా R దగ్గర వచ్చిన విలువే. బిందువులను ఏ వాటాలతో కలిపామో, ఎడమవైపు విలువలూ అవే వాటాలతో కలిశాయి. రెండో నిబంధనతోనూ ప్రయత్నించండి: P దగ్గర 8, Q దగ్గర 11, R దగ్గర 9, (2/3)·8 + (1/3)·11 కూడా 9.

ఇది కాకతాళీయం కాదు. ఎడమవైపున x, y లు మొదటి ఘాతంలో మాత్రమే ఉండి, స్థిరమైన గుణకాలతో గుణించబడి, కూడబడి ఉన్నాయి. అలాంటి కూర్పుకు ఎప్పుడూ ఇదే గుణం ఉంటుంది. రేఖీయత అంటే ఇదే.

ఇక సాధారణ నిరూపణకు రెండు పంక్తులు చాలు. నిబంధన a·x ≤ b అనుకుందాం. ఇక్కడ x అన్నది అన్ని చలరాశులూ కలిసిన సదిశ. P, Q రెండూ దాన్ని పాటిస్తే:

```
a·R = (1 − t)(a·P) + t(a·Q)
    ≤ (1 − t)b + tb = b
```

మొదటి పంక్తిలో సమాన గుర్తు రావడానికి కారణం రేఖీయత. రెండో పంక్తిలో ≤ గుర్తు నిలవడానికి కారణం (1 − t), t రుణాత్మకం కాకపోవడం, ఎందుకంటే రుణ సంఖ్యతో గుణిస్తే అసమానత దిశ తిరగబడిపోతుంది. చివర b మాత్రమే మిగలడానికి కారణం వాటాల మొత్తం 1 కావడం. మూడు కారణాలనూ పక్కన విడివిడిగా రాసుకోండి, ఎందుకంటే నమూనా ఎక్కడైనా బెడిసినప్పుడు వీటిలో ఏది తప్పిందో వెతకవలసి ఉంటుంది.

≥ నిబంధనను −1తో గుణిస్తే ≤ అవుతుంది. సమీకరణాన్ని ఒక ≤, ఒక ≥ నిబంధనల జంటగా రాయవచ్చు. కాబట్టి రేఖీయ నిబంధనలు ఏ రూపంలో ఉన్నా ఈ నిరూపణే సరిపోతుంది.

## 4. నిబంధనలన్నింటినీ కలపడం

సాధ్య ప్రాంతం అంటే ఒక్కో నిబంధన ఇచ్చే సమితులన్నింటి ఛేదనం. P, Q రెండూ ఛేదనంలో ఉంటే అవి ప్రతి సమితిలోనూ ఉన్నట్టే. ప్రతి సమితీ కుంభాకారమే కాబట్టి వాటి మధ్య రేఖాఖండం ప్రతి సమితిలోనూ ఉంటుంది. ప్రతి దానిలోనూ ఉన్నది ఛేదనంలోనూ ఉంటుంది. నిరూపణ అయిపోయింది. చలరాశులు రెండైనా రెండు లక్షలైనా ఇందులో ఒక్క అక్షరం మారదు.

అయితే ఈ వాదన అంతా నిబంధనల మధ్య "మరియు" ఉండటం మీద నిలబడి ఉంది. "లేదా" వస్తే మనం తీసుకునేది ఛేదనం కాదు, సమ్మేళనం. రెండు కుంభాకార సమితుల సమ్మేళనం కుంభాకారం కావాలన్న నియమం లేదు. ఏడో మెట్టులో మనల్ని ఇబ్బంది పెట్టేది ఇదే.

## 5. స్థానికం నుంచి సార్వత్రికానికి

ముందు అంకెలతో చూద్దాం. మీరు (5, 0) దగ్గర నిలబడి ఉన్నారు, అక్కడ z = 15. దూరాన (3, 4) దగ్గర z = 17 అని ఎవరో చెప్పారు. మీకు అంత దూరం వెళ్లే వీలు లేదు, కాలు కదపగలిగినంత మేరకే వెతకగలరు. అయినా ఫరవాలేదు. ఆ దిశలో నూరో వంతు మాత్రమే కదలండి.

```
(5, 0) + (1/100)·(−2, 4) = (4.98, 0.04)
z = 3(4.98) + 2(0.04) = 15.02
```

ఈ కొత్త బిందువు సాధ్య ప్రాంతంలోనే ఉంది, ఎందుకంటే అది రెండు సాధ్య బిందువుల మధ్య రేఖాఖండం మీదిది. విలువ 15 నుంచి 15.02కు పెరిగింది. నూరో వంతుకు బదులు లక్షో వంతు కదిలినా పెరుగుదల చిన్నదవుతుందే తప్ప సున్నా కాదు, ఎందుకంటే ఈ దారి వెంట z = 15 + 2t.

అంటే దూరంలో ఎక్కడో మెరుగైన బిందువు ఉంటే, దాని ఆనవాలు మన కాలి కిందే కనిపిస్తుంది. నాకు ఈ సిద్ధాంతంలో అన్నింటికంటే నచ్చే మాట ఇదే, ఎందుకంటే సింప్లెక్స్ పద్ధతి పక్కవాటిని మాత్రమే చూసి ఆగగలగడానికి అసలు అనుమతి ఇచ్చేది ఇదే.

సాధారణ నిరూపణను ఈ వరుసలో రాయండి. ఇక్కడ లక్ష్య ప్రమేయాన్ని c·x అని రాస్తాం, c అంటే దాని గుణకాల సదిశ.

1. x* ఒక స్థానిక గరిష్ఠం అనీ, దాని చుట్టూ ε వ్యాసార్ధం గల వృత్తంలో (చలరాశులు ఎక్కువైతే గోళంలో) దానికంటే మెరుగైన సాధ్య బిందువు లేదనీ అనుకోండి.
2. అయినా అది సార్వత్రిక గరిష్ఠం కాదని అనుకోండి. అప్పుడు c·y > c·x* అయ్యే సాధ్య బిందువు y ఎక్కడో ఒకచోట ఉండాలి.
3. R = (1 − t)x* + ty తీసుకోండి. కుంభాకారత వల్ల అది సాధ్య బిందువు.
4. లక్ష్య ప్రమేయం రేఖీయం కాబట్టి c·R = c·x* + t(c·y − c·x*). t > 0 అయితే ఇది c·x* కంటే కచ్చితంగా ఎక్కువ.
5. x* నుంచి R దూరం, y దూరానికి t రెట్లు. కాబట్టి t ని తగినంత చిన్నగా తీసుకుంటే R ఆ వృత్తంలోనే పడుతుంది.
6. మొదటి వాక్యానికీ నాలుగు, ఐదు వాక్యాలకూ వైరుధ్యం వచ్చింది. కాబట్టి y అనేది లేదు, x* సార్వత్రిక గరిష్ఠమే.

రాసిన నిరూపణను ఈ పట్టికతో సరిచూసుకోండి.

- [ ] t ని x*, y లను ఎంచుకున్న తర్వాతే, ε ను చూసి ఎంచుకున్నారా?
- [ ] మూడో వాక్యంలో కుంభాకారతను పేరు పెట్టి చెప్పారా?
- [ ] నాలుగో వాక్యంలో t > 0 అని రాశారా? t = 0 అయితే మనం కదలనట్టే.
- [ ] "శీర్షం" అన్న మాట ఎక్కడైనా వాడారా? వాడితే తీసేయండి, ఈ నిరూపణకు శీర్షాలతో పని లేదు.

చివరి అంశం గురించి ఒక మాట. విద్యార్థుల జవాబుల్లో నేను తరచుగా చూసే తప్పు, "గరిష్ఠం ఎప్పుడూ శీర్షం దగ్గరే వస్తుంది కాబట్టి" అని మొదలుపెట్టడం. అది వేరే సిద్ధాంతం, దానికి వేరే షరతులున్నాయి. రెండింటినీ కలిపేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

## 6. ఒక శీర్షం దగ్గర పరీక్ష చేయడం

ఇప్పుడు మనకు కావలసింది స్థానిక పరీక్ష మాత్రమే, మిగతాది సిద్ధాంతం చూసుకుంటుంది. (3, 4) దగ్గర నిలబడి, అక్కడి నుంచి బయల్దేరే రెండు అంచుల వెంట z ఎలా మారుతుందో చూడండి.

- (5, 0) వైపు దిశ (2, −4): మార్పు 3·2 + 2·(−4) = −2
- (0, 5.5) వైపు దిశ (−3, 1.5): మార్పు 3·(−3) + 2·(1.5) = −6

రెండు అంచుల వెంటా విలువ తగ్గుతోంది. ఆ శీర్షం నుంచి సాధ్య ప్రాంతంలోకి వెళ్లే ఏ దిశైనా ఈ రెండు దిశలను రుణాత్మకం కాని వాటాలతో కలిపితే వచ్చేదే కాబట్టి, మధ్య దిశల్లోనూ విలువ పెరగదు. అంటే (3, 4) స్థానిక గరిష్ఠం. ఐదో మెట్టు ప్రకారం సార్వత్రిక గరిష్ఠం కూడా అదే, z = 17.

ఫలితాన్ని ఇంకో దారిలోనూ సరిచూసుకోవచ్చు, ఈ అలవాటు చేసుకోమని నేను గట్టిగా చెబుతాను. మొదటి నిబంధనను 4/3తో, రెండోదాన్ని 1/3తో గుణించి కూడండి.

```
(4/3)(2x + y) + (1/3)(x + 2y) = 3x + 2y
(4/3)(10)    + (1/3)(11)     = 17
```

ఎడమవైపు సరిగ్గా లక్ష్య ప్రమేయమే వచ్చింది. కాబట్టి ఏ సాధ్య బిందువు దగ్గరైనా 3x + 2y విలువ 17 దాటదు, ఇందులో సందేహానికి తావే లేదు. ఈ గుణకాలను 2a + b = 3, a + 2b = 2 అనే రెండు సమీకరణాలు సాధించి తెచ్చుకోవాలి. అవి రుణాత్మకం కాకుండా రావడమే ఆ శీర్షం ఉత్తమమని చెప్పే ధ్రువపత్రం. వాటిలో ఒకటి రుణాత్మకంగా వస్తే, ఆ నిబంధన గీతను వదిలి లోపలికి జరిగితే z పెరుగుతుందని అర్థం.

కుంభాకారత హామీ ఇవ్వని విషయాలు కొన్ని ఉన్నాయి. సాధన ఉంటుందన్న హామీ అది ఇవ్వదు. ఖాళీ సమితి కూడా కుంభాకారమే. విలువ ఎక్కడో ఆగుతుందన్న హామీ కూడా లేదు, ప్రాంతం అంతులేకుండా సాగితే z కూడా అంతులేకుండా పెరగవచ్చు. గరిష్ఠం ఒక్కచోటే వస్తుందనీ చెప్పదు. మన ఉదాహరణలో లక్ష్యాన్ని 2x + y గా మారిస్తే (5, 0) నుంచి (3, 4) దాకా ఉన్న అంచు మొత్తం మీద విలువ 10 వస్తుంది, ఆ అంచులోని ప్రతి బిందువూ సార్వత్రిక గరిష్ఠమే. సాఫ్ట్‌వేర్ ఒకసారి ఒక సాధన, ఇంకోసారి ఇంకో సాధన ఇస్తే కంగారుపడి స్థానిక గరిష్ఠంలో ఇరుక్కున్నానని అనుకోకండి. ముందు z విలువలను పోల్చండి. అవి సమానమైతే అంతా సవ్యంగానే ఉంది.

## 7. కుంభాకారత ఎక్కడ చేజారుతుందో గుర్తించడం

అదే ఉదాహరణకు ఒక్క షరతు కలుపుదాం: x విలువ 1 లేదా అంతకు తక్కువ ఉండాలి, లేదా 4 లేదా అంతకు ఎక్కువ ఉండాలి. ఒక పనిని చాలా కొద్దిగా మాత్రమే చేయాలి, లేకపోతే పెద్ద ఎత్తునే చేయాలి అన్న రకం షరతు ఇది. చూడటానికి అమాయకంగా ఉంటుంది.

కాగితం మీద x = 1, x = 4 దగ్గర నిలువు గీతలు గీసి, వాటి మధ్య భాగాన్ని చెరిపేయండి. ప్రాంతం రెండు ముక్కలైంది. మొదట గుర్తుపెట్టిన మూడు బిందువులనే చూడండి: P = (4, 2) కుడి ముక్కలో ఉంది, Q = (1, 5) ఎడమ ముక్కలో ఉంది, R = (3, 3) చెరిపేసిన భాగంలో పడింది. ఒక్క రేఖాఖండం తెగినా చాలు, ప్రాంతం కుంభాకారం కాదు.

దీని ఫలితం ఏమిటో చూడండి. ఎడమ ముక్క శీర్షాలు (0, 0), (1, 0), (1, 5), (0, 5.5), వాటి దగ్గర z విలువలు 0, 3, 13, 11. కుడి ముక్క శీర్షాలు (4, 0), (5, 0), (4, 2). అక్కడ విలువలు 12, 15, 16. (1, 5) దగ్గర నిలబడి చుట్టూ ఎంత వెతికినా 13 కంటే మెరుగైనది దొరకదు, కాబట్టి అది నిజమైన స్థానిక గరిష్ఠం. సార్వత్రిక గరిష్ఠం మాత్రం (4, 2) దగ్గరి 16. ఐదో మెట్టు నిరూపణలో మూడో వాక్యం ఇక్కడ కూలిపోయింది: (1, 5) నుంచి (4, 2) వైపు వేసే మొదటి అడుగే నిషిద్ధ భాగంలో పడుతుంది.

ఇలాంటి షరతులు నమూనాలో ఎన్నో వేషాల్లో వస్తాయి. ప్రతి నిబంధననూ ఈ పట్టికతో పోల్చి చూడండి.

- [ ] "లేదా", "అయితేనే", "తప్ప" ఉన్న షరతులు: దాదాపు ఎప్పుడూ అనుమానించవలసినవే.
- [ ] x ≠ 3 లాంటివి: ఒక్క గీతను తీసేసినా రేఖాఖండాలు తెగుతాయి.
- [ ] పరమ మూల్యం: |x − y| ≤ 2 ను x − y ≤ 2, y − x ≤ 2 అనే రెండు రేఖీయ నిబంధనలుగా రాయవచ్చు, చిక్కు లేదు. |x − y| ≥ 2 మాత్రం ప్రాంతాన్ని రెండు ముక్కలు చేస్తుంది.
- [ ] పూర్ణాంక షరతు: 1, 2 అనుమతించినా 1.5 అనుమతించరు కాబట్టి కుంభాకారత ఉండదు. పైగా అర యూనిట్ వృత్తంలో ప్రతి పూర్ణాంక బిందువూ ఒంటరిగా ఉంటుంది, అందువల్ల ప్రతి ఒక్కటీ స్థానిక గరిష్ఠం అనిపించుకుంటుంది. ఆ మాటకు అక్కడ విలువే లేకుండా పోతుంది.
- [ ] వక్ర సమీకరణం: x² + y² = 25 కుంభాకారం కాదు; x² + y² ≤ 25 కుంభాకారమే.
- [ ] చలరాశుల లబ్ధం: x, y ≥ 0 అయినప్పుడు xy ≤ 1 కుంభాకారం కాదు. (4, 0), (0, 4) రెండూ పాటిస్తాయి, మధ్య బిందువు (2, 2) దగ్గర లబ్ధం 4. కానీ అదే పరిధిలో xy ≥ 1 కుంభాకారమే.

చివరి రెండు అంశాలను జాగ్రత్తగా చదవండి. రేఖీయం కానిదల్లా కుంభాకారం కాదని తీర్మానించడం తప్పు. రేఖీయత ఉంటే కుంభాకారత తప్పకుండా వస్తుంది, రేఖీయత లేకపోతే విడిగా పరీక్షించాలి.

ఆ పరీక్షలో కూడా ఒక ఉచ్చు ఉంది. కొన్ని జతల బిందువులను తీసుకొని మధ్య బిందువులు లోపలే ఉన్నాయని చూసినంత మాత్రాన కుంభాకారత రుజువు కాదు, తెగిన రేఖాఖండం మీరు తీసుకోని జతలో ఉండవచ్చు. కాదని రుజువు చేయడానికి మాత్రం ఒక్క జత చాలు.

## 8. ప్రాంతం బాగున్నా లక్ష్యం చెడగొట్టడం

ఏడో మెట్టు షరతును తీసేసి మళ్లీ పాత చతుర్భుజానికి రండి. ఇప్పుడు 3x + 2y కు బదులు x² + y² ను గరిష్ఠం చేయమని అడిగితే ఏమవుతుంది?

(5, 0) దగ్గర విలువ 25. అక్కడి నుంచి (3, 4) వైపు బయల్దేరి సగం దూరంలో (4, 2) దగ్గరకు వస్తే విలువ 20కి పడిపోతుంది, (3, 4) చేరేసరికి మళ్లీ 25 అవుతుంది. అక్కడి నుంచి (0, 5.5) వైపు వెళ్లినా ముందు తగ్గి, తర్వాత పెరిగి, చివరకు 30.25కు చేరుతుంది. ఒకే కుంభాకార ప్రాంతంలో మూడు స్థానిక గరిష్ఠాలు వచ్చాయి, సార్వత్రిక గరిష్ఠం వాటిలో ఒక్కటే.

ఇక్కడ కూలింది నాలుగో వాక్యం. మంచి బిందువు వైపు నడిచినా మొదటి అడుగులో విలువ పెరుగుతుందన్న హామీ లేదు. ప్రాంతం కుంభాకారమని తేల్చుకొని అంతటితో ఆగిపోకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణ ఇచ్చాను.

## 9. "లేదా" షరతును సరిదిద్దుకోవడం

ఏడో మెట్టు సమస్యకు అన్నింటికంటే సూటి పరిష్కారం, ప్రాంతాన్ని కుంభాకార ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను విడి లీనియర్ ప్రోగ్రామ్‌గా సాధించి, ఫలితాలను పోల్చడం. ప్రతి ముక్కలోనూ స్థానిక గరిష్ఠమే సార్వత్రికం కాబట్టి ఆ ముక్కల్లో అతి పెద్దదే మొత్తానికీ అతి పెద్దది. పైథాన్‌లో ఇలా చేయవచ్చు.

```python
from scipy.optimize import linprog

A, b = [[2, 1], [1, 2]], [10, 11]
for xb in [(0, None), (0, 1), (4, None)]:
    r = linprog([-3, -2], A_ub=A, b_ub=b,
                bounds=[xb, (0, None)])
    print(xb, r.status, r.x, -r.fun)
```

`linprog` ఎప్పుడూ కనిష్ఠాన్నే వెతుకుతుంది, అందుకే గుణకాలను రుణాత్మకం చేసి, చివర `r.fun` గుర్తును తిరిగి మార్చాం. మొదటి పరుగు షరతు లేని సమస్య, విలువ 17. తర్వాతి రెండూ ఎడమ, కుడి ముక్కలు, విలువలు 13, 16. సంఖ్యలను నమ్మే ముందు `r.status` చూడండి: 0 అంటే ఉత్తమ సాధన దొరికింది, 2 అంటే సాధ్య ప్రాంతం ఖాళీ, 3 అంటే విలువకు హద్దు లేదు.

"లేదా" షరతులు పది ఉంటే ముక్కలు 1024 దాకా పెరగవచ్చు, అప్పుడు విడివిడిగా సాధించడం భారమవుతుంది. 0 లేదా 1 మాత్రమే కాగల ఒక చలరాశి d ని ప్రవేశపెట్టి షరతును ఇలా రాస్తారు.

```
x ≤ 1 + 4d
x ≥ 4d
d = 0 లేదా 1
```

d = 0 అయితే x ≤ 1, d = 1 అయితే 4 ≤ x ≤ 5. మొదటి పంక్తిలో 4 ఎందుకు వేశామంటే, మిగతా నిబంధనల ప్రకారం x ఎలాగూ 5 దాటదు, 1 + 4 = 5. ఆ స్థానంలో వెయ్యి వేసినా జవాబు తప్పు కాదు కానీ, పెద్ద సంఖ్య వేసినకొద్దీ సాఫ్ట్‌వేర్‌కు లెక్కల ఖచ్చితత్వం దెబ్బతింటుంది, వెతుకులాట కూడా పెరిగే ప్రమాదం ఉంది. సమస్య నుంచి తేలే అతి చిన్న హద్దునే వాడండి.

d ని 0, 1 ల మధ్య ఏ విలువైనా తీసుకోనిస్తే ప్రాంతం మళ్లీ కుంభాకారమవుతుంది, కానీ చెరిపేసిన భాగం తిరిగి వచ్చేస్తుంది: d = 0.6 తో (3, 4) సాధ్య బిందువై, విలువ 17 వస్తుంది. ఈ 17 మనకు కావలసిన జవాబు కాదు, జవాబుకు పై హద్దు. పూర్ణాంక నమూనాలను సాధించే సాఫ్ట్‌వేర్ ఇలాంటి పై హద్దును లెక్కించి, d = 0, d = 1 అని రెండు కొమ్మలుగా చీల్చి, 16 దొరికిన తర్వాత 13 పై హద్దు ఉన్న కొమ్మను పక్కన పెట్టేస్తుంది. చీల్చగా వచ్చిన ప్రతి కొమ్మలోనూ అది సాధించేది కుంభాకార ప్రాంతం మీది లీనియర్ ప్రోగ్రామే, కాబట్టి అక్కడ వచ్చిన ప్రతి సంఖ్యా ఆ కొమ్మకు సార్వత్రిక గరిష్ఠమే.